మూలుగ జవాబిచ్చిందా? రెటిక్యులోసైట్లు, ఎంసీవీ, ఆర్‌డీడబ్ల్యూలను కలిపి చదివే తీరు

ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు మాత్రలు మొదలుపెట్టి నెల గడిచాక మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే, చాలామంది రిపోర్టుల్లో ఎర్రకణాల పరిమాణాల్లో తేడాను చెప్పే ఆర్‌డీడబ్ల్యూ తగ్గకపోగా మునుపటికంటే పెరిగి కనిపిస్తుంది. దాని పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు కూడా ఉంటుంది కాబట్టి మందు పనిచేయడం లేదేమోనని, రోగం ముదిరిందేమోనని అనుమానం రావడం సహజం. కానీ హిమోగ్లోబిన్, ఎర్రకణాల సగటు పరిమాణమైన ఎంసీవీ కూడా పెరుగుతూ ఉన్నప్పుడు ఆర్‌డీడబ్ల్యూ పెరగడం శుభసూచకమే తప్ప ప్రమాద సూచిక కాదు. ఇది అర్థం కావాలంటే రిపోర్టులో పక్కపక్కనే అచ్చయ్యే ఈ అంకెలు ఒకే కాలానికి చెందినవి కావని ముందుగా గుర్తించాలి. అప్పుడే రక్తంలోకి వచ్చిన లేత ఎర్రకణాలైన రెటిక్యులోసైట్ల లెక్క గడిచిన ఒకటి రెండు రోజుల సంగతి చెబుతుంది. ఎంసీవీ సుమారు నాలుగు నెలలుగా పుట్టిన కణాలన్నిటి సగటును చెబుతుంది. ఆ నాలుగు నెలల్లో పుట్టిన కణాలు ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉన్నాయో, ఎంత తేడాగా ఉన్నాయో ఆర్‌డీడబ్ల్యూ చెబుతుంది.

ఎర్ర రక్తకణం ఎముక మూలుగలో పుడుతుంది. ఎదుగుదల చివరి దశలో అది తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. కేంద్రకం పోయినా హిమోగ్లోబిన్ తయారు చేసే రైబోజోములు, వాటిలోని ఆర్‌ఎన్‌ఏ ఇంకా కొంత మిగిలే ఉంటాయి. ఈ దశలో ఉన్న పడుచు కణమే రెటిక్యులోసైట్. సాధారణ పరిస్థితుల్లో అది మూలుగలో మూడు రోజుల పాటు ఉండి, తరువాత రక్తంలోకి వచ్చి, మరో రోజులో ఆ ఆర్‌ఎన్‌ఏను పూర్తిగా పోగొట్టుకొని పరిణత కణంగా మారుతుంది. అక్కడినుంచి సుమారు 120 రోజులు జీవిస్తుంది. అంటే రోజూ నూటికి ఒక కణం కన్నా కాస్త తక్కువగా చనిపోతూ, అంతే సంఖ్యలో కొత్తవి వస్తూ ఉంటాయి. ఆరోగ్యవంతుల రక్తంలో రెటిక్యులోసైట్లు ఒక శాతం చుట్టుపక్కల ఉండడానికి కారణం ఈ లెక్కే.

మామూలు రక్తపు పూతలో వాడే రంగు ఆర్‌ఎన్‌ఏను స్పష్టంగా చూపదు. కణం ఇంకా సజీవంగా ఉండగానే న్యూ మిథిలిన్ బ్లూ వంటి రంగును రక్తంతో కలిపి కొంతసేపు ఉంచితే, మిగిలి ఉన్న ఆర్‌ఎన్‌ఏ నీలం రంగు వలలాగానో చుక్కలుగానో ముద్దకట్టి సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. వెయ్యి ఎర్రకణాలను లెక్కపెట్టి వాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో చూడడం పాత పద్ధతి. వెయ్యిలో పది పన్నెండు మాత్రమే దొరికే చోట రెండు మూడు కణాల తేడా వచ్చినా ఫలితం బాగా మారిపోతుంది కాబట్టి, చేత్తో లెక్కపెట్టినప్పుడు 0.8 శాతానికీ 1.3 శాతానికీ మధ్య తేడాను పెద్దగా పట్టించుకోనక్కరలేదు. ఆర్‌ఎన్‌ఏకు అంటుకొని వెలిగే రంగులతో ఇప్పటి యంత్రాలు వేల కణాలను నిమిషంలో చూసి లెక్క తేలుస్తాయి. ఆ వెలుగు తీవ్రతను బట్టి ఏవి మరీ లేత కణాలో కూడా చెప్పగలవు.

శాతం ఎందుకు మోసం చేస్తుంది

ఇక్కడ ఒక ఉదాహరణను తీసుకొని చివరిదాకా దానితోనే నడుద్దాం. ఇది పాఠం కోసం కూర్చిన కేసు. అంకెలు గుండ్రంగా ఉన్నా, ఇలాంటి క్రమం నిత్యం కనిపించేదే. నెలసరిలో చాలాకాలంగా అధిక రక్తస్రావం అవుతున్న ముప్పై ఎనిమిదేళ్ల మహిళకు హిమోగ్లోబిన్ 6.7 గ్రాములు, రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వంతును చెప్పే హెమటోక్రిట్ 23 శాతం, ఎర్రకణాలు మైక్రోలీటరుకు 36 లక్షలు, ఎంసీవీ 64 ఫెమ్టోలీటర్లు, ఆర్‌డీడబ్ల్యూ 20 శాతం ఉన్నాయి. ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంది. రెటిక్యులోసైట్లు 2 శాతం అని రిపోర్టు చెబుతోంది, దాని పక్కన సాధారణ పరిధి 0.5 నుంచి 2.5 అని రాసి ఉంది.

రెటిక్యులోసైట్లు సాధారణ పరిధిలోనే ఉన్నాయి కదా, మూలుగ బాగానే పనిచేస్తోందనుకుంటే పొరపాటు. ఈ శాతాన్ని రెండు దిద్దుబాట్లు చేశాకే చదవాలి.

మొదటిది, శాతం అనేది ఉన్న ఎర్రకణాలలో ఎంత అన్న నిష్పత్తి. రక్తహీనతలో మొత్తం తగ్గిపోతుంది కాబట్టి, మూలుగ కొత్త కణాలను ఏమాత్రం అదనంగా తయారు చేయకపోయినా శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే రోగి హెమటోక్రిట్‌ను ఆరోగ్యవంతుల ప్రమాణమైన 45తో భాగించి, ఆ వచ్చిన దానితో శాతాన్ని గుణిస్తారు. ఇక్కడ 2 ను 23తో గుణించి 45తో భాగిస్తే సుమారు 1 వస్తుంది.

రెండో దిద్దుబాటు కాస్త సూక్ష్మమైనది. రక్తహీనత తీవ్రమైనప్పుడు ఎర్రకణాల తయారీని పురికొల్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను మూత్రపిండాల నుంచి ఎక్కువగా విడుదలై, మూలుగలో మూడు రోజులు ఉండవలసిన రెటిక్యులోసైట్లను తొందరగా రక్తంలోకి తరిమేస్తుంది. ముందుగా బయటికి వచ్చిన కణం రక్తంలో ఒక రోజుకు బదులు రెండు రోజులో, అంతకన్నా ఎక్కువో రెటిక్యులోసైట్‌గానే ఉంటుంది. అంటే అదే కణాన్ని ఈ రోజూ, రేపూ రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. దీన్ని సరిచేయడానికి హెమటోక్రిట్ 45 దగ్గర ఉంటే 1తో, 35 దగ్గర ఉంటే 1.5తో, 25 దగ్గర ఉంటే 2తో, 15 దగ్గర ఉంటే 2.5తో భాగిస్తారు. మన కేసులో 2తో భాగిస్తే మిగిలింది 0.5. దీన్నే రెటిక్యులోసైట్ ఉత్పత్తి సూచిక అంటారు. ఇంత తీవ్రమైన రక్తహీనతలో ఆరోగ్యంగా స్పందించే మూలుగ అయితే ఈ సూచిక 3 దాటాలి. 2 కన్నా తక్కువ ఉంటే మూలుగ అవసరానికి తగినట్టు స్పందించడం లేదని లెక్క. పైకి ‘సాధారణం’ అనిపించిన 2 శాతం వెనక ఉన్నది మామూలు ఉత్పత్తిలో సగం మాత్రమే.

ఈ సూచికకు కూడా పరిమితులున్నాయి. 1.5, 2, 2.5 అనే భాజకాలు రోగి రోగికీ కొలిచి తేల్చినవి కావు, సగటు అంచనాలు. మూత్రపిండాలు దెబ్బతిని ఎరిత్రోపోయిటిన్ సరిగ్గా రాని రోగిలో రెటిక్యులోసైట్లు తొందరగా బయటికి రావు కాబట్టి, ఆ రెండో భాగహారం చేస్తే ఉన్నదాన్ని కూడా అన్యాయంగా తగ్గించినట్టవుతుంది. అలాగే కణాలు బాగా చిన్నవైన చోట హెమటోక్రిట్‌తో చేసే దిద్దుబాటు కణాల సంఖ్యను తక్కువగా చూపుతుంది. అందుకని చాలామంది శాతాన్ని పక్కనబెట్టి, మైక్రోలీటరుకు ఎన్ని రెటిక్యులోసైట్లున్నాయన్న వాస్తవ సంఖ్యను చూడడానికే మొగ్గు చూపుతారు. మన రోగిలో 36 లక్షలలో 2 శాతం అంటే 72 వేలు. సాధారణ పరిధి సుమారు 25 వేల నుంచి లక్ష వరకు. ఈ అంకె కూడా పరిధిలోనే ఉంది. కాబట్టి ఏ రూపంలో చూసినా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: సాధారణంగా ఉందా అని కాదు, ఇంత తక్కువ హిమోగ్లోబిన్‌కు తగినంత పెరిగిందా అని.

చిన్న కణాలు, ఎగుడుదిగుడు పరిమాణాలు

ఇక ఎంసీవీ సంగతి. ఎర్రకణాల సగటు ఘనపరిమాణమే ఎంసీవీ. ఇప్పటి యంత్రాల్లో చాలావరకు ఒక సన్నని రంధ్రం గుండా ఒక్కో కణాన్ని పంపి, అది విద్యుత్ ప్రవాహానికి కలిగించే అడ్డును బట్టి పరిమాణాన్ని కొలుస్తాయి. మరికొన్ని కాంతి చెదిరే తీరును బట్టి కొలుస్తాయి. సగటును చేత్తో సరిచూడడం సులభమే. హెమటోక్రిట్‌ను 10తో గుణించి, ఎర్రకణాల సంఖ్యను మిలియన్లలో తీసుకొని దానితో భాగిస్తే చాలు. 230ని 3.6తో భాగిస్తే 64 వస్తుంది. పెద్దల్లో సాధారణ పరిధి 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు.

యంత్రం వేల కణాలను విడివిడిగా కొలుస్తుంది కాబట్టి సగటుతో పాటు ఆ కొలతలు ఎంత విస్తరించి ఉన్నాయో కూడా దానికి తెలుస్తుంది. ఆ విస్తృతిని, అంటే ప్రామాణిక విచలనాన్ని, ఎంసీవీతో భాగించి శాతంగా చెప్పినదే ఆర్‌డీడబ్ల్యూ. సుమారు 11.5 నుంచి 14.5 వరకు సాధారణం. ఇది భాగహారంతో వచ్చేది కాబట్టి ఒక మెలిక ఉంది. విస్తృతి అంతే ఉండి ఎంసీవీ తగ్గినా ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది. మన రోగిలో ఆర్‌డీడబ్ల్యూ 20 అంటే విస్తృతి 64లో 20 శాతం, అనగా సుమారు 13 ఫెమ్టోలీటర్లు. అదే 13 ఫెమ్టోలీటర్ల విస్తృతి ఎంసీవీ 90 ఉన్న మనిషిలో ఉంటే ఆర్‌డీడబ్ల్యూ 14.4 అని వచ్చేది, ఎవరూ పట్టించుకొనేవారు కాదు. ఈ మెలికను తప్పించుకోవడానికే కొన్ని యంత్రాలు విస్తృతిని నేరుగా ఫెమ్టోలీటర్లలోనే, ఆర్‌డీడబ్ల్యూ-ఎస్‌డీ అన్న పేరుతో విడిగా ఇస్తాయి. రిపోర్టులో రెండూ ఉంటే రెండూ చూడడం మేలు.

ఇనుము లోపంలో కణాలు చిన్నవి కావడానికి సాధారణంగా చెప్పే వివరణ ఇది. మూలుగలోని కణంలో హిమోగ్లోబిన్ ఒక స్థాయికి చేరేవరకు కణం విభజన చెందుతూనే ఉంటుంది. ఇనుము అందక హిమోగ్లోబిన్ నెమ్మదిగా తయారవుతుంటే, ఆ స్థాయికి చేరేలోగా అదనంగా ఇంకో విభజన జరిగి కణం మరింత చిన్నదవుతుంది. ఇనుము నిల్వలు ఒక్కరోజులో అయిపోవు. నాలుగు నెలల కిందట పుట్టిన కణానికి కాస్తయినా ఇనుము దక్కింది, నిన్న పుట్టినదానికి దాదాపు ఏమీ దక్కలేదు. ఈ రెండూ ఒకే రక్తంలో కలిసి తిరుగుతుంటాయి కాబట్టే మందు మొదలుపెట్టక ముందే ఆర్‌డీడబ్ల్యూ పెరిగి ఉంటుంది. దీనికి భిన్నంగా, తలసేమియా వాహకుల్లో హిమోగ్లోబిన్ తయారీలోని లోపం పుట్టుకతో వచ్చినది, అన్ని కణాల మీదా ఒకేలా పనిచేసేది. అందువల్ల ఎంసీవీ అంతే తక్కువగా ఉన్నా ఆర్‌డీడబ్ల్యూ తరచు సాధారణంగానో, కాస్త మాత్రమే ఎక్కువగానో ఉంటుంది. ఎర్రకణాల సంఖ్య తగ్గకపోగా పెరిగి ఉండవచ్చు కూడా. 1983లో బెస్మన్, ఆయన సహచరులు ఎంసీవీని, ఆర్‌డీడబ్ల్యూను జతచేసి రక్తహీనతలను వర్గీకరించడానికి ఆధారం ఇలాంటి తేడాలే. ఆ వర్గీకరణ దారి చూపుతుంది కానీ తీర్పు చెప్పదు. వాహకుల్లో ఆర్‌డీడబ్ల్యూ పెరిగినవారూ, తొలిదశ ఇనుము లోపంలో పెరగనివారూ తగినంత మంది ఉంటారు కాబట్టి ఫెరిటిన్, హిమోగ్లోబిన్ రకాల పరీక్ష లేకుండా ఆర్‌డీడబ్ల్యూ ఒక్కదానితో నిర్ణయానికి రావడం సరికాదు.

మందు మొదలైన తరువాత

మన రోగికి ఇనుము మాత్రలు మొదలుపెట్టారనుకుందాం. మొదటి మూడు నాలుగు రోజులు రక్తపరీక్షలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. అప్పటికే ఎరిత్రోపోయిటిన్ ఒత్తిడితో మూలుగ నిండా ఎదగలేక ఆగి ఉన్న కణాలకు ఇప్పుడు ముడిసరుకు అందింది, అవి ఎదిగి బయటికి రావడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. ఆ తరువాత రెటిక్యులోసైట్లు పెరగడం మొదలై ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య శిఖరానికి చేరతాయి.

ఎనిమిదో రోజు పరీక్షలో రెటిక్యులోసైట్లు 8 శాతం, ఎర్రకణాలు 37 లక్షలు, హెమటోక్రిట్ 24.5 శాతం, హిమోగ్లోబిన్ 7.2 ఉన్నాయి. హిమోగ్లోబిన్‌లో అర గ్రాము తేడా మాత్రమే వచ్చింది. ఆ మాత్రం తేడా రక్తం తీసిన తీరు వల్లనో, శరీరంలో నీటి శాతం వల్లనో కూడా రావచ్చు. రెటిక్యులోసైట్ల మాట అలా కాదు. 8ని 24.5తో గుణించి, 45తో భాగించి, మళ్లీ 2తో భాగిస్తే ఉత్పత్తి సూచిక 2.2 వస్తుంది. వారం కిందటి 0.5 కన్నా ఇది నాలుగు రెట్లకు పైన. వాస్తవ సంఖ్య 72 వేల నుంచి సుమారు 2 లక్షల 96 వేలకు ఎగబాకింది. మందు ఒంటికి పట్టిందని, రోగ నిర్ధారణ సరైనదేనని చెప్పడానికి ఇంతకన్నా ముందుగా దొరికే ఆధారం మామూలు రక్తపరీక్షల్లో లేదు. కొన్ని యంత్రాలు రెటిక్యులోసైట్‌లో ఉన్న హిమోగ్లోబిన్ పరిమాణాన్ని కూడా కొలుస్తాయి. ఆ సౌకర్యం ఉన్నచోట అది సంఖ్య కన్నా ముందే, మొదటి కొద్ది రోజుల్లోనే పెరగడం మొదలవుతుంది.

ఈ రెటిక్యులోసైట్ల శిఖరాన్ని వైద్యులు చికిత్సకు సాక్ష్యంగా చూడడం ఈనాటిది కాదు. బోస్టన్‌లో మైనట్, మర్ఫీలు 1926లో, బీ12 ఒంటికి పట్టక వచ్చే పెర్నీషియస్ ఎనీమియా రోగులకు కాలేయం తినిపించి ఫలితాలు ప్రకటించినప్పుడు, హిమోగ్లోబిన్ పూర్తిగా కోలుకోకముందే మూలుగ మేల్కొన్నదని చూపినవి ఈ లేత కణాలే. ఆ పనికి 1934లో విపుల్‌తో కలిపి వారికి నోబెల్ బహుమతి లభించింది.

మళ్లీ మన కేసుకు వద్దాం. ఎనిమిదో రోజున ఎంసీవీ 64 నుంచి 66కు మాత్రమే కదిలింది. కొత్త కణాలు సుమారు 90 ఫెమ్టోలీటర్ల పరిమాణంతో వస్తున్నా, అవి మొత్తంలో తొమ్మిది శాతమే. మిగిలిన తొంభై ఒక్క శాతం పాత చిన్న కణాలే కాబట్టి సగటు కదలదు. ఆర్‌డీడబ్ల్యూ మాత్రం అప్పుడే 22కు చేరింది. పెద్దవి కొద్దిగానే ఉన్నా సగటుకు చాలా దూరంగా ఉండడం వల్ల అవి విస్తృతిని తమ వాటాకు మించి పెంచుతాయి. మార్పు మొదలైందన్న సంగతిని ఎంసీవీ కన్నా ఆర్‌డీడబ్ల్యూ ముందుగా పట్టుకోవడానికి కారణం ఇదే.

ఇరవై ఎనిమిదో రోజుకు హిమోగ్లోబిన్ 9.7, ఎర్రకణాలు 44 లక్షలు, ఎంసీవీ 74, ఆర్‌డీడబ్ల్యూ 24. రోగిని భయపెట్టే రిపోర్టు ఇదే. ఒక చిన్న లెక్క వేస్తే భయం తీరుతుంది. పాత కణాల సగటు 64, కొత్తవాటిది 90 అనుకుంటే రెండింటికీ తేడా 26. సగటు 64 నుంచి 74కు, అంటే 10 పెరిగింది. 10ని 26తో భాగిస్తే 38 శాతం. రక్తంలో పదింట నాలుగు కణాలు చికిత్స మొదలయ్యాక పుట్టినవన్నమాట. దీన్ని ఇంకో వైపునుంచి కూడా సరిచూడవచ్చు. 120 రోజులు బతికే కణాల్లో 28 రోజుల్లో దాదాపు నాలుగో వంతు రాలిపోతాయి. మొదట ఉన్న 36 లక్షలలో 27 లక్షలు మిగులుతాయి. ఇప్పుడు ఉన్న 44 లక్షలలోంచి ఆ 27 లక్షలు తీసేస్తే 17 లక్షలు కొత్తవి, అంటే అదే 38, 39 శాతం. రెండు దారుల్లో వచ్చిన జవాబు ఒకటే. చిన్నవి ఒక గుంపు, పెద్దవి ఒక గుంపు సమపాళ్లకు దగ్గరగా కలిసినప్పుడే విస్తృతి అత్యధికంగా ఉంటుంది. ఆర్‌డీడబ్ల్యూ 24కు చేరింది అందుకే.

ఈ సమయంలో యంత్రం గీసిన పరిమాణాల రేఖాచిత్రాన్ని చూడగలిగితే విషయం మరింత తేటగా తెలుస్తుంది. మొదటి రోజున ఎడమ పక్కకు జరిగిన ఒకే గుట్ట ఉంటుంది. నాలుగో వారానికి దాని కుడి వాలు మీద భుజంలాంటిదో, కొన్నిసార్లు విడిగా రెండో శిఖరమో లేస్తుంది. ఎంసీవీ 74 అని రిపోర్టు చెబుతున్నా, నిజానికి ఆ పరిమాణంలో ఉన్న కణాలు అంత ఎక్కువగా ఉండవు. రెండు గుట్టల మధ్య లోయలో పడిన సగటు అది. రిపోర్టులో అంకెలు మాత్రమే అచ్చువేసి ఈ చిత్రాన్ని వదిలేయడం వల్ల చదివేవారికి నష్టమే జరుగుతోందని నా అభిప్రాయం.

ఇదే పరీక్షలో రెటిక్యులోసైట్లు 2 శాతం దగ్గరకు దిగివచ్చి ఉంటాయి. దాన్ని చూసి మూలుగ మళ్లీ మొరాయించిందనుకోకూడదు. హిమోగ్లోబిన్ పెరిగే కొద్దీ ఎరిత్రోపోయిటిన్ ఒత్తిడి తగ్గుతుంది, శిఖరం దానంతటదే చల్లారుతుంది. రెటిక్యులోసైట్ల పరీక్షకు తేదీ ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. నాలుగో వారంలో మొదటిసారి చేయిస్తే శిఖరం వచ్చి వెళ్లిన సంగతే తెలియదు. అప్పటికి హిమోగ్లోబిన్ రెండు గ్రాములో, అంతకన్నా ఎక్కువో పెరిగిందా అన్నదే సరైన ప్రశ్న.

తొంభయ్యో రోజుకు హిమోగ్లోబిన్ 12.9, ఎంసీవీ 83, ఆర్‌డీడబ్ల్యూ 18. మొదటి రెండూ సాధారణ పరిధిలోకి వచ్చేశాయి. మూడోది రాలేదు. పాత చిన్న కణాలలో నాలుగో వంతు, అంటే దాదాపు 9 లక్షలు, ఇంకా బతికే ఉన్నాయి. వాటి ఆయుష్షు తీరేదాకా, మరో నెలా నెలన్నర, ఆర్‌డీడబ్ల్యూ దిగిరాదు. ఇనుము నిల్వలు నిండడానికి హిమోగ్లోబిన్ సరి అయ్యాక కూడా ఇంకొన్ని నెలలు మాత్రలు కొనసాగించవలసి ఉంటుంది. అది ఎప్పుడు ఆపాలో ఫెరిటిన్ చెబుతుంది కానీ ఆర్‌డీడబ్ల్యూ కాదు.

జవాబు రానప్పుడు

ఎనిమిదో రోజున రెటిక్యులోసైట్లు 2 శాతం దగ్గరే ఆగిపోయి ఉంటే ఏమనుకోవాలి? అన్నిటికన్నా ముందు అడగవలసినది మాత్రలు వేసుకుంటున్నారా అని. కడుపులో మంట, మలబద్ధకం వల్ల మానేసినవారు ఆ మాట తమంతట తాము చెప్పకపోవచ్చు. వేసుకుంటున్నా పేగులో ఇనుము పీల్చుకోవడానికి అడ్డు ఉండవచ్చు. శరీరంలో ఎక్కడో దీర్ఘకాలిక వాపు ఉంటే, ఇనుమును అదుపుచేసే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, పేగు నుంచి ఇనుమును రానివ్వదు, ఉన్న నిల్వలను కూడా మూలుగకు అందనివ్వదు. మూత్రపిండాల జబ్బులో ఇనుము ఉన్నా ఎరిత్రోపోయిటిన్ ఉండదు. బీ12, ఫోలేట్‌ల లోపం కూడా కలిసి ఉంటే ఇనుము ఒక్కటే సరిపోదు. ఇవేవీ కాకపోతే అసలు నిర్ధారణనే మళ్లీ పరిశీలించాలి.

రెటిక్యులోసైట్లు చక్కగా పెరిగి కూడా హిమోగ్లోబిన్ పెరగకపోవడం మరో పరిస్థితి. మూలుగ తన పని తాను చేస్తోంది, వచ్చిన కణాలు ఎక్కడో పోతున్నాయన్నమాట. రక్తస్రావం కొనసాగుతోందా, కణాలు రక్తంలోనే పగిలిపోతున్నాయా అని చూడవలసింది అప్పుడే.

ఒక మినహాయింపు చెప్పాలి. ఈ రెటిక్యులోసైట్ల శిఖరం ఎంత ఎత్తుకు లేస్తుందనేది రక్తహీనత తీవ్రతను బట్టి ఉంటుంది. హిమోగ్లోబిన్ 10.5 దగ్గర ఉన్నవారిలో ఎరిత్రోపోయిటిన్ ఒత్తిడి అంతగా ఉండదు కాబట్టి, మందు బాగా పనిచేస్తున్నా రెటిక్యులోసైట్లలో పెరుగుదల లెక్కలో తేలనంత తక్కువగా ఉండవచ్చు. అలాంటివారికి వారం రోజులకు ఈ పరీక్ష చేయించి నిరాశపడడం కన్నా, నెలకు హిమోగ్లోబిన్ చూసుకోవడం నయం.

రక్తం ఎక్కించిన తరువాత చేసిన పరీక్ష కూడా తప్పుదారి పట్టించగలదు. దాత కణాలు 90 ఫెమ్టోలీటర్లవి, రోగివి 64వి. రెండూ కలిస్తే ఎంసీవీ పెరుగుతుంది, ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, రేఖాచిత్రంలో రెండో గుట్ట కూడా లేస్తుంది. చికిత్సకు వచ్చిన స్పందనలాగే ఉంటుంది, కానీ మూలుగ ఏమీ చేయలేదు. ఈ రెండింటినీ విడదీసేది రెటిక్యులోసైట్ల లెక్క. ఎక్కించిన రక్తం ఆ లెక్కను పెంచదు.

ఎంసీవీ పైకి పోయే సందర్భాల్లో

ఇదే తర్కం పెద్ద కణాల విషయంలో తలకిందులుగా పనిచేస్తుంది. బీ12 లోపంలో ఎంసీవీ 120 దాకా పోవచ్చు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మూడు నాలుగు రోజులకు రెటిక్యులోసైట్లు లేచి, వారానికి శిఖరానికి చేరతాయి. రెటిక్యులోసైట్ పరిణత కణం కన్నా సుమారు ఐదో వంతు పెద్దది కాబట్టి ఆ వారం ఎంసీవీ తగ్గకపోగా కాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. ఆ తరువాత రెండు మూడు నెలల పాటు మెల్లగా దిగుతుంది. దిగుతూ దిగుతూ 80 దాటి కిందికి జారిపోయి, హిమోగ్లోబిన్ సగం దారిలో ఆగిపోతే, వేగంగా పుట్టుకొచ్చిన కణాలు ఉన్న కాస్త ఇనుమునూ వాడేసుకున్నాయని అర్థం. మొదట రెండు లోపాలూ కలిసి ఉన్నప్పుడు ఎంసీవీ 88 అని సాధారణంగా కనిపించి ఉండవచ్చు. ఆ సగటు వెనక ఉన్న గందరగోళాన్ని అప్పుడు చెప్పగలిగినది 22 దాటిన ఆర్‌డీడబ్ల్యూ ఒక్కటే.

కణాలు పగిలిపోయే హిమోలైసిస్ జబ్బుల్లో మూలుగకు ముడిసరుకు కొరత లేదు కాబట్టి అది ఉత్పత్తిని మామూలు కన్నా ఆరు నుంచి ఎనిమిది రెట్లు దాకా పెంచగలదు. రెటిక్యులోసైట్లు 30, 40 శాతానికి చేరితే వాటి పెద్ద పరిమాణం వల్లనే ఎంసీవీ 100 దాటుతుంది, ఆర్‌డీడబ్ల్యూ కూడా పెరుగుతుంది. ఎంసీవీ 104 అని చూడగానే బీ12 ఇంజెక్షన్ రాసేయడం కన్నా ముందు రెటిక్యులోసైట్లు చూడాలని చెప్పేది ఇందుకే. అదే 104తో ఉత్పత్తి సూచిక 4 ఉంటే మూలుగ శక్తికొద్దీ పనిచేస్తోంది, 0.4 ఉంటే చేయలేకపోతోంది. ఈ రెండు రోగాలకూ చికిత్సల మధ్య పొంతనే లేదు.

చివరగా, రక్తంలో లేని మార్పు రిపోర్టులో మాత్రమే కనిపించే సందర్భాలు కొన్ని ఉన్నాయి. సేకరించిన రక్తం గది ఉష్ణోగ్రతలో ఒక రోజుకు పైగా నిలవ ఉంటే కణాలు ఉబ్బి ఎంసీవీ, ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతాయి. గొట్టంలోనే పరిణతి చెంది రెటిక్యులోసైట్లు తగ్గుతాయి. రక్తంలో చక్కెర విపరీతంగా ఉంటే, యంత్రంలోని ద్రవంలో కలిపినప్పుడు కణాలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. చలికి కణాలను గుంపు కట్టించే ప్రతిరక్షకాలు ఉంటే రెండు మూడు కణాలను ఒక పెద్ద కణంగా యంత్రం లెక్కవేసి ఎంసీవీని అసంభవమైన అంకెకు తీసుకుపోతుంది. అప్పుడు కణాల్లో హిమోగ్లోబిన్ గాఢతను చెప్పే ఎంసీహెచ్‌సీ కూడా నమ్మశక్యం కానంత పెరుగుతుంది. నమూనాను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి మళ్లీ నడిపితే రెండూ మామూలుకు వస్తాయి. మలేరియా పరాన్నజీవులనూ, కణంలో మిగిలిపోయిన కేంద్రకపు ముక్కలైన హొవెల్-జాలీ బాడీలనూ రెటిక్యులోసైట్లుగా పొరబడే వీలుంది. ఎంసీవీ రెండు రోజుల్లో ఆరేడు ఫెమ్టోలీటర్లు మారి, మధ్యలో రక్తం ఎక్కించకపోతే, దాన్ని మూలుగకు ఆపాదించకూడదు. రోజుకు నూటికి ఒకటి రెండు కణాలే మారే చోట సగటు అంత వేగంగా కదలడం సాధ్యం కాదు. ముందుగా నమూనా మారిందేమో, నిలవ ఉందేమో కనుక్కోవాలి.